34 ఊళ్ల పేజీలు, అన్నింటిలో ఒకటే మాట: బావ ప్లంబింగ్ సైటుని ఎలా బాగుచేయాలి?

బావమరిది_కేఆర్‌పురం

అందరికీ నమస్కారం. మా బావ పదకొండేళ్లుగా బెంగళూరులో ప్లంబింగ్ చేస్తున్నాడు. మకాం కేఆర్ పురంలో రామమూర్తి నగర్ పక్కన. తనతో పాటు ఇద్దరు కుర్రాళ్లు, రెండు బండ్లు, అంతే. రెండేళ్ల కిందట ఒక ఏజెన్సీవాళ్లు వచ్చి "ప్రతి ఊరికీ ఒక పేజీ పెడితే ప్రతి ఊర్నించీ ఫోన్లు వస్తాయి" అని చెప్పి 34 పేజీలు చేసిచ్చారు. వైట్‌ఫీల్డ్, హూడి, కాడుగోడి, వర్తూరు నుంచి హోసకోట, మాలూరు, దేవనహళ్లి, ఆనేకల్, చివరికి హోసూరు దాకా ఉన్నాయి.

పేజీలన్నీ ఇంగ్లీషులోనే. సారాంశం ఇది: "హోసకోటలో నమ్మకమైన ప్లంబర్ కోసం చూస్తున్నారా? హోసకోటలో 24 గంటలూ, 30 నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటాం." హోసకోట తీసేసి మాలూరు పెడితే మాలూరు పేజీ. ఒక పేజీలో పేరు మార్చడం మర్చిపోయారు కూడా, ఆనేకల్ పేజీ మధ్యలో "దేవనహళ్లి వాసులకు" అని ఉంది.

మొదటి మూడు నెలలు కాస్త ఫోన్లు వచ్చాయి. తర్వాత మెల్లగా పడిపోయాయి. నిన్న గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే 34లో 7 మాత్రమే ఇండెక్స్‌లో ఉన్నాయి. 21 పేజీలకు `Crawled - currently not indexed` అని, మిగతా 6 పేజీలకు `Duplicate, Google chose different canonical than user` అని ఉంది. పైగా మాలూరు నుంచి ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, బావ రాలేనంటే "30 నిమిషాలన్నారు కదా" అని ఒక్క స్టార్ రివ్యూ పెట్టి పోయాడు. ఆయన తప్పేమీ లేదు.

ఇప్పుడు అన్నీ పీకేయాలా, తిరగరాయాలా?

మాటలమార్పిడి

తమ్ముడూ, ఇది డూప్లికేట్ కంటెంట్ పెనాల్టీ. కంగారుపడకు. ప్రతి పేజీని వేరే మాటల్లో తిరగరాయించు. పోలిక చూసే టూల్స్ ఉన్నాయి, 70 శాతం వేరుగా ఉందని చూపిస్తే చాలు. మా క్లయింట్‌కి ఇలాగే చేశాం. ప్రతి ఊరి గురించి రెండు పేరాలు కూడా కలపండి: చెరువు, గుడి, జనాభా, పిన్‌కోడ్. అప్పుడు పేజీ "లోకల్" అవుతుంది.

రాత్రిపూట_లాగ్స్

పైన అన్న చెప్పినదాంట్లో సగం నిజం. పేజీలు ఒకేలా ఉండటమే జబ్బు అన్నంత వరకూ సరే. కానీ అది పెనాల్టీ కాదు, మందు కూడా అది కాదు.

ఒకే మాట నాలుగు పేజీల్లో ఉంటే గూగుల్ శిక్షేమీ వేయదు. ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. నీ 6 పేజీలకు జరిగింది అదే. 21 పేజీల సంగతి ఇంకా మామూలు: వచ్చి చదివింది, దాచుకోవాల్సినంత ఏమీ కనపడలేదు, వెళ్లిపోయింది. నిజంగా శిక్ష పడితే సెర్చ్ కన్సోల్‌లో `Manual actions` అనే చోట రాసి ఉంటుంది. ఒకసారి అది చూసి చెప్పు.

డోర్‌వే పేజీ అనేది దీనికంటే వేరే సంగతి. ఒక్కో ఊరి పేరు పట్టుకోవడానికే పేజీ పుట్టి, లోపలికొచ్చినవాణ్ని అదే ఫోన్ నంబరు దగ్గరికి తోలుతూ, తనంతట తాను ఏమీ చెప్పకపోతే అది డోర్‌వే. గూగుల్ స్పామ్ పాలసీలోనే ఇది ఉంది, 2015 మార్చిలో ఇలాంటి పేజీల మీద ప్రత్యేకంగా ఒక మార్పు కూడా తెచ్చారు. మాటలు 70 శాతం కాదు, నూటికి నూరు శాతం మార్చినా డోర్‌వే డోర్‌వేనే. చెరువు, జనాభా సంగతి అంటారా, ట్యాంకు కారుతున్నవాడికి ఆ ఊరి జనాభా దేనికి?

నేను చేసే పరీక్ష ఒకటుంది. పేజీలో ఊరి పేరు కనపడ్డ చోటల్లా వేలు అడ్డం పెట్టి చదువు. ఇది ఏ ఊరి పేజీయో చెప్పగలిగితే ఉంచు. చెప్పలేకపోతే ఆ పేజీకి బతికే హక్కు లేదు.

తిరగరాయడం తర్వాత. ముందు మీ బావ బిల్లు పుస్తకాలు తీసి, ఏ ఊళ్లో ఎన్ని పనులు చేశాడో లెక్కపెట్టి ఇక్కడ పెట్టు. సైటు జోలికి అప్పటిదాకా వెళ్లకు.

పనత్తూరు_అమ్మ

ప్లంబర్ అని చూసి లోపలికొచ్చాను, మిగతాదంతా నాకు అర్థం కాలేదు. బాబూ, మీ బావగారు పనత్తూరు వస్తారా? గీజరులోంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, టప్‌టప్‌మని చప్పుడు కూడా. ఊరికే చూడ్డానికి వచ్చినా డబ్బులు తీసుకుంటారా? ఎప్పుడు వస్తారు? మాది అపార్ట్‌మెంట్, ఆదివారం పనులు చేయనివ్వరు, ముందే చెప్తున్నా.

టిన్‌ఫ్యాక్టరీ_జామ్

అమ్మా, ఇది వెబ్‌సైట్ల చర్చ 😄

రాత్రిపూట_లాగ్స్

నవ్వకండి, ఇందాకటి నుంచి వచ్చిన పోస్టులన్నింట్లో పనికొచ్చేది అమ్మగారిదే. వస్తారా, ఊరికే చూస్తే ఎంత, ఎప్పుడు వస్తారు, మా అపార్ట్‌మెంట్ రూలు తెలుసా. ఏజెన్సీ పేజీ ఈ నాలుగింట్లో ఒక్కదానికైనా జవాబు చెప్పిందా?

బావమరిది_కేఆర్‌పురం

అమ్మా, వస్తాడు, నంబరు మెసేజ్‌లో పెట్టాను.

లాగ్స్ అన్నా, `Manual actions`లో ఏమీ లేదు, `No issues detected` అనే ఉంది. బిల్లు పుస్తకాలు దొరికినంత వరకు 11 నెలలవి లెక్కపెట్టాను, అక్క కూడా కూర్చుంది. మొత్తం 412 బిల్లులు.

కేఆర్ పురం, రామమూర్తి నగర్ కలిపి 148. వైట్‌ఫీల్డ్, హూడి, కాడుగోడి 131. మారతహళ్లి, వర్తూరు, పనత్తూరు 74. హోసకోట 43. సర్జాపుర 9. దేవనహళ్లి 3, మాలూరు 2, హోసూరు 1, ఆనేకల్ 1. మిగతా ఊళ్లకు పేజీలున్నాయి గానీ పనులు సున్నా. హోసూరు పని కూడా మా మేనమామ ఇంట్లోదే, అసలు బిల్లే రాయకూడదు.

రాత్రిపూట_లాగ్స్

చూశావా, నీ సైటు మ్యాపు వేరు, బావ బండి తిరిగే మ్యాపు వేరు. బండి మ్యాపే నిజం.

నేనైతే నాలుగే పేజీలు ఉంచుతాను: కేఆర్ పురం వైపు, వైట్‌ఫీల్డ్ వైపు, మారతహళ్లి-వర్తూరు వైపు, హోసకోట. హూడికి, కాడుగోడికి వేరే పేజీలు వద్దు. అక్కడ పని, రేటు, వెళ్లే టైము వైట్‌ఫీల్డ్‌తో సమానమైతే అవి వైట్‌ఫీల్డ్ పేజీలో ఒక పేరాలో పడతాయి. పేజీని విడదీయాల్సింది ఊరి పేరుని బట్టి కాదు, పనిలో తేడాని బట్టి.

నాలుగింట్లో హోసకోట మొదలుపెడదాం. దూరం ఎక్కువ, తేడా ఎక్కువ, కాబట్టి తేలిగ్గా తెలుస్తుంది. ఆ 43 బిల్లుల్లో ఏం పనులున్నాయి? బావని పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. రాసేముందు మాట్లాడనివ్వు, నువ్వు సర్దకు.

హోసూరు_ఆర్‌ఓ

నాదీ ఇలాంటి కథే, మధ్యలో వస్తున్నా. హోసూరులో వాటర్ ఫిల్టర్ సర్వీసు నాది. నేను పేజీలు కాదు, గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపారం ప్రొఫైళ్లు పెట్టా. అత్తిబెలెలో ఫ్రెండు మొబైల్ షాపు అడ్రసు, చందాపురలో బంధువుల ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఇంకొకటి. ఆర్నెల్లు బాగానే నడిచింది. తర్వాత ఒకేరోజు మూడూ సస్పెండ్, వాటితో పాటు హోసూరు అసలు ప్రొఫైలు కూడా. 60 దాకా రివ్యూలు కనపడకుండా పోయాయి. అసలుది తిరిగి రావడానికి కరెంటు బిల్లు, షాపు బోర్డు ఫోటో పంపి నానా తంటాలు పడ్డా. బావగారూ ఆ పని మాత్రం చేయకండి.

టిన్‌ఫ్యాక్టరీ_జామ్

మరి ఒకే ప్రొఫైలులో ఊళ్లన్నీ పెట్టేసుకుంటే పోలా? 20 ఏరియాల దాకా ఇవ్వొచ్చు కదా.

రాత్రిపూట_లాగ్స్

ఇవ్వొచ్చు. ఇంటికెళ్లి పని చేసే వ్యాపారానికి ప్రొఫైలు ఒకటే ఉండాలి, కస్టమర్లు రాని అడ్రసైతే దాచాలి, ఏరియాలు 20 దాకా పెట్టొచ్చు, మకాం నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం దాటకూడదని గూగుల్ చెబుతుంది. కానీ ఏరియా పెట్టినంత మాత్రాన అక్కడ మ్యాపులో పైకి రావు. మ్యాపులో దూరం లెక్కలోకొస్తుంది, కేఆర్ పురంలో ఉన్న బావ హోసకోటలో ఉన్న ప్లంబర్ని మ్యాపులో దాటడం కష్టం. అందుకే హోసకోట పేజీ అవసరం: మ్యాపు కింద వచ్చే మామూలు ఫలితాల్లో దొరకడానికి, ఎవరైనా నంబరు చెబితే చూసుకుని నమ్మడానికి.

బావమరిది_కేఆర్‌పురం

బావ రాత్రి భోంచేశాక కూర్చున్నాడు. హోసకోట 43 ఇలా తేలాయి: బోరు నీళ్ల సున్నం వల్ల వచ్చినవి 17, సంపు-మోటారువి 12, కొత్త ఫిట్టింగులు 8, మామూలు లీకులు 6.

బావ మాటల్లోనే రాస్తున్నా. "అక్కడ నేను పోయే ఇళ్లల్లో ఎక్కువ బోరు నీళ్లే. గీజరు ఎలిమెంటు బయటికి తీస్తే సుద్దముక్కలా తెల్లగా, బొటనవేలంత లావు ఉంటాది. అది వేడెక్కక చప్పుడు చేస్తాది, కరెంటు తింటాది. జనం గీజరు పోయిందనుకుని కొత్తది కొంటారు. సగం ఇళ్లల్లో పొర గీకేసి, వాషరు మార్చి, బిగిస్తే సరిపోతాది. ట్యాంకు లోపల తుప్పు పట్టి కారితే మాత్రం మార్చాల్సిందే, దాన్ని అతకడానికి కుదరదు."

మోటారు గురించి: "మోటారు తిరుగుతా ఉంటాది, నీళ్లు పైకెక్కవు. మోటారు కాలిందని మెకానిక్కుని పిలుస్తారు. నేను ముందు చూసేది సంపు అడుగున పైపు చివర ఉండే ఫుట్ వాల్వ్. అందులో రాయో చెత్తో ఇరుక్కుంటే పైపులో నీళ్లు నిలవక కిందికి జారిపోతాయి. పైన ప్రైమింగ్ మూత తీసి నీళ్లు పోసి చూస్తా, పోసిన నీళ్లు దిగిపోతా ఉంటే వాల్వే. రెండు మూడు వందల సామాను."

వైట్‌ఫీల్డ్ గురించి అడిగితే అంతా వేరే చెప్పాడు. గేటు దగ్గర ఎంట్రీ, సర్వీసు లిఫ్టు, ఫ్లాటు మెయిన్ వాల్వ్ షాఫ్ట్‌లో ఉండటం, దాన్ని కట్టేయడానికి అపార్ట్‌మెంట్ ప్లంబర్ కావాల్సి రావడం. "లోపల కుళాయి మార్చేది పది నిమిషాలు, వాల్వ్ కట్టించేది గంట" అన్నాడు.

రాత్రిపూట_లాగ్స్

పేజీ రాసేసినట్టే, నువ్వు గమనించలేదంతే. హోసకోట పేజీకి నా చిత్తుప్రతి ఇది, ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో, మరీ పాలిష్ పట్టకు.

"మేం కేఆర్ పురం నుంచి వస్తాం. హోసకోట టౌనుకి మామూలుగా గంట పడుతుంది, సాయంత్రం ఆరు తర్వాత ఇంకా ఎక్కువ. రాత్రి ఎనిమిది తర్వాత హోసకోట రాము. ఊరికే వచ్చి చూసినందుకు ఇంత, పని చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తాం.

గత 11 నెలల్లో హోసకోటలో 43 పనులు చేశాం. అందులో 17 బోరు నీళ్ల సున్నం వల్ల వచ్చినవే. గీజరు చప్పుడు చేస్తుంటే కొత్తది కొనేముందు మాకు చూపించండి, చాలాసార్లు ఎలిమెంటు శుభ్రం చేస్తే పనిచేస్తుంది. లోపలి ట్యాంకు కారుతుంటే మాత్రం బాగుచేయలేం, ఆ మాట ఫోన్లోనే చెప్పేస్తాం.

మోటారు తిరుగుతున్నా నీళ్లెక్కకపోతే వెంటనే ఆపేయండి, నీళ్లు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. సంపులో నీటి మట్టం చూసి మాకు ఫోన్ చేయండి."

దీని కింద బావ తీసిన రెండు ఫోటోలు చాలు: సున్నం పట్టిన ఎలిమెంటు, శుభ్రం చేశాక అదే ఎలిమెంటు. కస్టమర్ని అడిగి పెట్టు, ఇంటి నంబరు పడకుండా చూడు. ఇప్పుడు ఊరి పేరు మీద వేలు పెట్టి చదివినా ఇది వైట్‌ఫీల్డ్ పేజీ కాదని తెలుస్తుంది. "రాత్రి ఎనిమిది తర్వాత రాము" అని రాసిన వాక్యాన్ని మాత్రం బావ ఎంత గొడవ చేసినా తీయకు. మాలూరు రివ్యూ లాంటిది మళ్లీ రాకుండా ఆపేది అదే.

మాటలమార్పిడి

బాగుంది గానీ, మిగతా 30 పేజీలకి అసలు పేజీ ఏదో గూగుల్‌కి చెప్పే కెనానికల్ ట్యాగు హోమ్‌పేజీకి పెట్టేస్తే సరిపోదా? పీకడం దేనికి?

రాత్రిపూట_లాగ్స్

కెనానికల్ సూచన మాత్రమే, గూగుల్ వినకపోవచ్చు. ఇప్పటికే 6 పేజీల విషయంలో వినలేదు కదా. పైగా పేజీ అక్కడే ఉంటే మాలూరువాడు దాన్ని చదివి ఫోన్ చేస్తూనే ఉంటాడు.

అన్నింటినీ హోమ్‌పేజీకి రీడైరెక్ట్ చేయడం కూడా తప్పే. సంబంధం లేని చోటికి పంపితే దాన్ని గూగుల్ సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టుగానే చూస్తుంది. కాబట్టి రెండు కుప్పలు వేయాలి. బావ వెళ్లే చోట్ల పేజీలు దగ్గర్లోని పెద్ద పేజీకి 301, అంటే శాశ్వతంగా మళ్లించడం. వెళ్లని ఊళ్లవి నిజంగానే తీసేసి 410, అంటే ఈ పేజీ ఇక లేదని చెప్పడం. సైటు అపాచీ మీద మామూలు పేజీలైతే `.htaccess`లో ఇలా:

```
RedirectMatch 301 ^/plumber-(hoodi|kadugodi)/?$ /plumber-whitefield/
RedirectMatch 301 ^/plumber-(varthur|panathur)/?$ /plumber-marathahalli/
RedirectMatch 410 ^/plumber-(malur|hosur|anekal)/?$
```

మిగతా పేర్లు నువ్వు చేర్చుకో. పెట్టాక ఒక్కోటి `curl -I` తో చూడు, మొదటి లైనులో 301 లేదా 410 కనపడాలి. robots.txt లో వీటిని అడ్డుకోకు, అడ్డుకుంటే గూగుల్ లోపలికి రాదు, మార్పు దానికి తెలియదు. సైట్‌మ్యాపులోంచి పాత పేర్లు తీసేయ్. ఫుటర్లో 34 ఊళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో ఉండే ఉంటాయి, అది కూడా పీకెయ్.

బావమరిది_కేఆర్‌పురం

ఉన్నాయి అన్నా, బూడిద రంగులో 🙂

టిన్‌ఫ్యాక్టరీ_జామ్

ఒక్క మాట అడుగుతా, కోపం వద్దు. "plumber in whitefield" కొట్టి చూడండి, పైన వచ్చేవాళ్లలో ఇలాంటి వందల పేజీల సైట్లు ఉన్నాయి. వాళ్లకి ఏమీ కాలేదు. మనం ఎందుకు పీక్కోవాలి?

రాత్రిపూట_లాగ్స్

కోపం దేనికి, నిజమే అది. అందరికీ ఒకేలా పడదు. వాళ్లకి పాత డొమైను, బయట నుంచి లింకులు ఉండొచ్చు, పేజీలు చెత్తవైనా దాని మీద బతుకుతున్నారేమో. నాలుగు పేజీలు చేస్తే వాళ్లని దాటేస్తావని నేను మాటివ్వను. నేను చెప్పేది ఇంతే: బావ 34 పేజీల్లో 27 ఇప్పటికే ఇండెక్స్‌లో లేవు. వాటిని పీకితే పోయేదేముంది?

బావమరిది_కేఆర్‌పురం

పది వారాలైంది, ఏమైందో చెప్దామని వచ్చా. నాలుగు పేజీలూ ఇండెక్స్‌లో ఉన్నాయి. హోసకోట పేజీకి సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్‌లో "geyser noise", "motor running no water" లాంటి మాటలు హోసకోట పేరుతో కలిసి కనపడుతున్నాయి. ఇవి పాత పేజీకి ఎప్పుడూ రాలేదు. హోసకోట పనులు పోయిన నెల 6, అంతకుముందు సగటున 4. ఎండాకాలం కదా, మోటారు పనులు ఎలాగూ పెరుగుతాయి, కాబట్టి గొప్పలు పోను. వైట్‌ఫీల్డ్ పేజీలో పెద్ద తేడా లేదు, జామ్ అన్న చెప్పినవాళ్లే పైన ఉన్నారు.

రాని ఊళ్ల నుంచి రాత్రి ఫోన్లు మాత్రం ఆగాయి. అక్క సంతోషంగా ఉంది.

ఇప్పుడు గొడవంతా సర్జాపుర మీద. 9 పనులే అయినా అన్నీ పెద్దవి, విల్లాల్లో బాత్రూములు మొత్తం మార్చినవి. బావ పేజీ కావాలంటాడు.

రాత్రిపూట_లాగ్స్

9 పనులతో ఊరి పేజీ నేను పెట్టను. "బాత్రూము మొత్తం మార్చడం" అని పని పేజీ పెట్టి, అందులో సర్జాపుర విల్లా ఒకదాని కథ రాస్తా.

హోసూరు_ఆర్‌ఓ

నేను ఒప్పుకోను. పని పెద్దదైతే తొమ్మిదే ఎక్కువ. రాయడానికి నిజమైన సంగతులుంటే పేజీ పెట్టాల్సిందే, లెక్క చూసి కాదు. మీ వేలు పరీక్షలో అది నెగ్గుతుంది కదా?

రాత్రిపూట_లాగ్స్

నెగ్గుతుంది, అక్కడే ఇరుక్కున్నా 😄 రెండూ చేసి చూడమనడానికి బావకి రాసే ఓపిక ఉండాలి.

పనత్తూరు_అమ్మ

బాబూ, మీ బావగారు వచ్చారు, గీజరు బాగుచేశారు, ఎలిమెంటు నాకు చూపించారు కూడా. మాకు 2024 చివర్లో కావేరి ఐదో దశ నీళ్లొస్తాయన్నాక ఇక సున్నం ఉండదనుకున్నాం, కానీ మా సంపులో బోరు నీళ్లు కూడా కలుపుతారట. ఆయనే చెప్పారు. మీ కొత్త పేజీ మా అమ్మాయి చదివి వినిపించింది, అంతా సరిగ్గానే ఉంది. ఒక్కటే లోటు. ఆయన ఐడీ కార్డు తేలేదు, గేటు దగ్గర సెక్యూరిటీ ఇరవై నిమిషాలు నిలబెట్టాడు, నేను కిందికి దిగి రావాల్సి వచ్చింది. అది కూడా రాయండి.

బావమరిది_కేఆర్‌పురం

సారీ అమ్మా. బావకీ కుర్రాళ్లకీ ఐడీ కార్డులు చేయిస్తున్నా. మారతహళ్లి పేజీలో ఈ రాత్రికే రాస్తా: వచ్చేవాళ్ల పేరు, బండి నంబరు ముందు రోజే మెసేజ్ పెడతాం, గేటులో ఎంట్రీ వేయించండి అని. వైట్‌ఫీల్డ్ పేజీలో కూడా ఇదే పెడితే మళ్లీ రెండూ ఒకటే అవుతాయా, లాగ్స్ అన్నా?

రాత్రిపూట_లాగ్స్

ఒక పేరా కలిస్తే ఏం కాదు. రాసెయ్.